+1 కనిపిస్తే అమెరికా అనేయకండి

ప్రశ్న: "+1 876 తో మొదలయ్యే నంబర్ నుంచి ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేశారు. అమెరికా నంబరేనా? అసలు నంబర్ చూసి దేశం ఎలా పట్టుకోవాలి? ఈ కోడ్‌లు ఎవరిస్తారు?"

కాదండీ, అది జమైకా నంబర్. తిరిగి చేయకండి. నేను చేసి బోల్తా పడ్డాను. నాకు వచ్చింది +1 473 తో మొదలయ్యే నంబర్ నుంచి. +1 కదా, అమెరికాలో ఎవరో తెలిసినవాళ్లే అయ్యుంటారనుకున్నాను. అవతల ఎవరూ మాట్లాడలేదు, ఒకటే సంగీతం. రెండు నిమిషాలు చెవి దగ్గర పెట్టుకుని విన్నాక బ్యాలెన్స్ చూస్తే ఖాళీ. అది గ్రెనడా అని తర్వాత తెలిసింది.

+1 ఒక్క దేశానిది కాదు. అమెరికా, కెనడాలతో పాటు కరీబియన్ దీవులు చాలా దాని కిందే ఉన్నాయి. అక్కడ దేశాన్ని తేల్చేది ఆ తర్వాతి మూడంకెలు: 212 అయితే న్యూయార్క్, 416 టొరంటో, 876 జమైకా.

కోడ్‌లు ఇచ్చేది ఐక్యరాజ్యసమితి కింద పనిచేసే ఐటీయూ. 1960ల్లో ప్రపంచాన్ని మండలాలుగా విడగొట్టి ఒక్కోదానికి మొదటి అంకె ఇచ్చారు. 2 ఎక్కువగా ఆఫ్రికాకి, 3, 4 యూరప్‌కి, 5 లాటిన్ అమెరికాకి వెళ్లాయి. అప్పట్లో ఫోన్లు ఎక్కువగా ఉన్న, లేదా పెరుగుతాయనుకున్న దేశాలకు పొట్టి కోడ్‌లు, మిగతావాళ్లకు మూడంకెలవి దక్కాయి. కొత్త దేశం పుడితే ఖాళీగా ఉన్నవాటిలోంచి ఇస్తారు. 2011లో దక్షిణ సూడాన్‌కి 211 అలాగే వచ్చింది.

ఇక చదవడం. ఎడమ నుంచి మొదలుపెట్టండి. 1 గానీ 7 గానీ వస్తే కోడ్ అక్కడితో అయిపోయింది (7 రష్యా, కజకిస్తాన్‌లది). మిగతావాటికి రెండంకెలు తీసుకోండి. 27 దక్షిణాఫ్రికాది, కాబట్టి 270 నుంచి 279 దాకా ఇంకెవరికీ ఇవ్వరు. 21 మాత్రం ఏ దేశానికీ లేదు, అందుకే మూడో అంకె దాకా వెళ్లాలి: 212 మొరాకో, 213 అల్జీరియా. ఈ ఏర్పాటు వల్లే ఎక్స్ఛేంజ్ తికమక పడదు.

మనమే పడతాం. న్యూయార్క్ వాళ్లు 212 అని మొదలుపెట్టి నంబర్ రాసిస్తే, దాని ముందు + ఒక్కటే తగిలించి సేవ్ చేసినవాళ్లని చూశాను. కాల్ మొరాకోకి వెళ్తుంది. మధ్యలో 1 పెట్టాలి.

+ కి బదులు 00 ఉన్నా, అమెరికాలోలా 011 ఉన్నా, అవి దేశం దాటడానికి కొట్టే అంకెలే. వాటిని తీసేసి చదవండి. 011 44 20 అంటే 44 బ్రిటన్, 20 లండన్. అదే 44 1534 అయితే జెర్సీ దీవి. అక్కడికి కాల్ చార్జీ వేరుగా పడొచ్చు.

ఇంత చేసినా తెలిసేది ఆ నంబర్ ఎక్కడిదో మాత్రమే. చేసిన మనిషి ఎక్కడున్నాడో తెలియదు, తెరపై కనిపించే నంబర్‌నే మార్చి పంపేవాళ్లూ ఉన్నారు.