ఒక్క చెవికే పెట్టుకున్నాను
ప్రశ్న: బైక్ నడిపేటప్పుడు ఇయర్‌ఫోన్స్‌లో పాటలు వింటే నేరమా? ఫోన్ జేబులోనే ఉంటుంది, మాట్లాడను. చలాన్ వేస్తారా?

వేస్తారు. మోటారు వాహనాల చట్టంలోని 184 సెక్షన్ ప్రమాదకరంగా నడపడం గురించి చెబుతుంది. 2019 సవరణలో, చేత్తో పట్టుకుని వాడే ఫోన్ లాంటి పరికరాలను అందులో పేరుపెట్టి చేర్చారు. ఇయర్‌ఫోన్ అన్న మాట అక్కడ లేదు. మీరు ఆ సందు చూసే అడుగుతున్నారనుకుంటాను. కానీ పాటల ధ్యాసలో హారన్ వినకుండా పక్క లేన్‌లోకి వెళ్తే, అది ప్రమాదకరంగా నడపడమేనని అదే సెక్షన్ కింద కేసు రాయవచ్చు. మొదటిసారి దొరికితే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. 2023లో ఆంధ్రాలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే 20 వేలు అని వాట్సాప్‌లో తిరిగింది మాత్రం అబద్ధం. అలాంటి కొత్త జరిమానా ఏదీ లేదని రవాణా శాఖే చెప్పింది.

నేనూ మీలాగే లెక్కలు వేసుకున్నవాణ్ణే. రెండు చెవులకూ పెట్టుకుంటే తప్పు, ఒక్క చెవికైతే ఫరవాలేదు అనుకునేవాణ్ణి. గుంటూరులో డ్యూటీ, విజయవాడలో ఇల్లు. హెల్మెట్ కింద కుడి చెవిలో ఒక్కటే పెట్టుకుని రోజూ హైవే మీద వచ్చేవాణ్ణి. గాలి హోరులో పాట వినబడదు కాబట్టి, వేగం పెరిగినప్పుడల్లా సౌండు కూడా పెంచేవాణ్ణి.

ఒకరోజు రాత్రి కాజ టోల్‌గేట్ దాటి మంగళగిరి వైపు వస్తున్నాను. వెనక నుంచి హారన్ వినబడింది. అవును, వినబడింది! చాలామంది అసలు వినబడకపోవడమే సమస్య అనుకుంటారు. నాకు ఆ హారన్ ఎడమ వైపు నుంచి వచ్చినట్టు అనిపించింది. ఎడమ నుంచి ఎవడో దూసుకొస్తున్నాడు, దారి ఇద్దామని కుడికి జరిగాను. నిజానికి బస్సు నా కుడి పక్కనే ఓవర్‌టేక్ చేస్తోంది. డ్రైవర్ బ్రేక్ తొక్కినా, బస్సు అంచు హ్యాండిల్‌కి తగిలి ఎడమ చెయ్యి కింద పడేట్టు పడ్డాను. మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు.

ఆ డ్రైవర్ దిగి వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. "మూడుసార్లు కొట్టాను కదయ్యా హారన్, విని కూడా నా మీదకే వచ్చావేం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత అర్థమైంది. శబ్దం ఏ పక్క నుంచి వస్తోందో మెదడు రెండు చెవులనూ పోల్చి తేల్చుకుంటుంది. ఏ చెవికి ముందు చేరింది, దేనికి గట్టిగా వినబడింది అని చూస్తుంది. కుడి చెవిని పాటతో మూసేస్తే హారన్ ఎడమ చెవికే అందుతుంది, అందుకని ఎడమ నుంచి వచ్చినట్టే అనిపిస్తుంది. మన రోడ్ల మీద ఓవర్‌టేక్ చేసేది కుడి నుంచి. నేను సరిగ్గా ఆ చెవినే మూసుకున్నాను. ఎడమ చెవికి పెట్టుకుంటే సరిపోతుందా అని అడగకండి. అప్పుడు ఎడమ నుంచి దూరివచ్చే ఆటో కుడి వైపున్నట్టు అనిపిస్తుంది. బయటి శబ్దాన్ని అణిచేసే రకం ఇయర్‌బడ్స్ అయితే ఇంకా ఘోరం.

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతాం. హారన్ ఎటు నుంచి అని ఒక్క సెకను తడబడినా బస్సు పొడవుకంటే ఎక్కువ దూరం దాటిపోతాం.

కార్లలో అద్దాలు ఎత్తేసి డబ్బాలు పగిలేలా పాటలు పెట్టేవాళ్ల గురించి కూడా చెప్పాలి. నా చెయ్యి విరిగిన రోజు నన్ను తీసుకెళ్తున్న అంబులెన్స్ ముందు ఒక కారు ఎంతసేపైనా పక్కకు తప్పుకోలేదు. అద్దాలు అదిరేలా పాట మోగుతోంది. అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 194ఇ సెక్షన్ కింద 10 వేల జరిమానా లేదా 6 నెలల దాకా జైలు పడవచ్చు. పాటల సౌండులో సైరన్ వినబడలేదు అంటే అది సాకు ఎలా అవుతుంది? సౌండు పెంచింది వాళ్లే కదా. నాది చెయ్యి మాత్రమే, వెనక గుండెనొప్పి మనిషి ఉంటే?

దారి చూపే మ్యాప్ కోసమైతే ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించుకోండి. ధ్యాస చెదరనంత వరకు దారి కోసం ఫోన్ వాడుకోవచ్చని 2020లో నిబంధనల్లోనే రాశారు. మలుపు అర్థం కాకపోతే పక్కకు ఆపి చూసుకోండి. నేనిప్పుడు ఇయర్‌ఫోన్స్‌ని ఇంట్లోనే వదిలి వెళ్తున్నాను. జేబులో ఉంటే టోల్‌గేట్ దాటగానే చెయ్యి దానికోసమే పోతుంది.