సందేహాలు – సమాధానాలు: ‘జరిగింది’ తీసేస్తే కర్త ఎవరు?

సందేహం: మా సాగునీటి సంఘం తరఫున చెరువు గండి గురించి ఒక అర్జీ రాశాను. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: “మన గ్రామం యొక్క ప్రాచీనమైన పురాతన చెరువుకు గత నెలలో ఎడతెరిపి లేకుండా కురిసిన భారీ వర్షాల నేపథ్యంలో తూము వద్ద గండి పడటం జరిగినదని, కాగా సుమారు 60 ఎకరాల వరకు వరి పంట నీట మునగడం జరిగినదని, ఇదిలా ఉండగా ఈ విషయమై అధికారులకు తెలియజేయడం జరిగినప్పటికీ కూడా ఇంతవరకు తాత్కాలిక మరమ్మతులు సైతం చేపట్టడం జరగలేదని ఇందుమూలంగా తెలియజేసుకోవడమైనది.” మా అల్లుడు ఇందులో సగం మాటలు అనవసరమని కొట్టేశాడు. చదివిన వాళ్ళు మాత్రం అర్థం మారిపోయిందన్నారు. అర్థం చెడకుండా ఏవి తీసేయొచ్చు? ఇంకో చోట ‘ఇంజనీరు వచ్చి ఉన్నారు’ అని రాస్తే ‘వచ్చారు’ చాలన్నాడు. మా నెల్లూరు వైపు అందరం ‘వచ్చుండారు’ అంటాం. అదీ తప్పేనా?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

సమాధానం: మీ అల్లుడు కొట్టేయాలనుకోవడం సబబే. చిక్కంతా ‘జరిగింది’ దగ్గరుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

‘గండి పడటం జరిగినది’, ‘నీట మునగడం జరిగినది’ అన్న రెండింటినీ నిశ్చింతగా ‘గండి పడింది’, ‘నీట మునిగింది’ అని మార్చేయవచ్చు. పడటం, మునగడం తమంతట జరిగే పనులు. ఎవరు పడ్డారు, ఎవరు మునిగారు అన్న ప్రశ్న అక్కడ లేదు. పడటమే జరగడం కాబట్టి రెండోసారి ‘జరిగింది’ అనడం వల్ల వాక్యానికి కొత్తగా వచ్చేదేమీ లేదు.

‘తెలియజేయడం జరిగినప్పటికీ’, ‘చేపట్టడం జరగలేదని’ అన్నవి అలాంటివి కావు. తెలియజేయడానికి, చేపట్టడానికి మనిషి కావాలి. తెలుగు క్రియ మామూలుగా ఆ మనిషిని తన చివరే చెప్పేస్తుంది. ‘తెలియజేశాం’ అంటే మేం, ‘తెలియజేశారు’ అంటే వాళ్ళు. ‘తెలియజేయడం జరిగింది’ అన్నప్పుడు ఆ చివర పోయి, దాని చోట ఎవరిదీ కాని ‘జరిగింది’ వచ్చి కూర్చుంటుంది. ఆఫీసు కాగితాల్లో ఈ మాటకు ఇంత గిరాకీ ఉండటానికి కారణం అదేనని నా నమ్మకం. పని అయినట్టూ ఉంటుంది, చేసినవాడు కనపడడు.

అందుకే దీన్ని తీసేసేటప్పుడు ఒక ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు: చేసిందెవరు? మీ అల్లుడు ఆ ప్రశ్న వేసుకోకుండా ‘అధికారులకు తెలియజేసినా ఇంతవరకు మరమ్మతులు చేపట్టలేదు’ అని కుదించి ఉంటాడు. వాక్యం పొట్టిదైంది, వ్యాకరణం ప్రకారం తప్పూ లేదు. కానీ ఇక్కడ రెండు చోట్లా కర్త జారిపోయాడు. ‘తెలియజేసినా’ అనే రూపానికి మేం, మీరు, వాళ్ళు అన్న తేడా లేదు. ‘చేపట్టలేదు’ కూడా అంతే. నేను చేపట్టలేదు, మీరు చేపట్టలేదు, వాళ్ళు చేపట్టలేదు: అందరికీ ఒకే రూపం. భవిష్యత్తులోనైతే ‘చేపట్టం’, ‘చేపట్టరు’ అని తేడా తెలుస్తుంది. గడిచిన కాలంలో ‘లేదు’ చేరితే ఆ తేడా పోతుంది.

దీని ఫలితం చూడండి. ‘అధికారులకు తెలియజేశాం. ఇంతవరకు మరమ్మతులు చేపట్టలేదు’ అని రాస్తే, మొదటి వాక్యంలోని ‘మేం’ రెండో వాక్యానికీ పాకుతుంది. సంఘమే మరమ్మతు చేయకుండా కూర్చుందని చదువుకునే వీలుంది. అర్థం మారిందన్నవాళ్ళు బహుశా ఇదే అన్నారు. ‘తెలియజేశాం. అయినా వాళ్ళు చేయలేదు’ అనాలి. ఇక్కడ ‘వాళ్ళు’ అదనపు మాట కాదు. క్లుప్తంగా రాయడమంటే ఒక్కోసారి మాట చేర్చడం కూడా. నాలుగు మాటలు తీసేసిన చోట ఒకటి పెట్టాల్సి వస్తుంది. అయితే ఒక జాగ్రత్త. ఆ మరమ్మతు సంఘం పనా, శాఖ పనా అన్నది మీకు తెలియాలి గానీ వాక్యం దిద్దేవాడికి తెలియదు. మీ పాత వాక్యంలో లేని కర్తను అతను ఊహించి పెడితే అది దిద్దుబాటు కాదు, కొత్త ఆరోపణ అవుతుంది.

ఇదే లెక్కన, చేసిందెవరో నిజంగానే తెలియనప్పుడూ ఆలోచించాలి. ‘తూము తలుపు తాళం పగలగొట్టడం జరిగింది’ అన్నదాన్ని ‘పగలగొట్టారు’ అని మారిస్తే చదివేవాడి చూపు అంతకుముందు వాక్యంలో ఉన్న మనుషుల మీదికి పోతుంది. ‘ఎవరో పగలగొట్టారు’ అంటే సరిపోతుంది. తాళం తుప్పుపట్టి ఊడిందేమోనన్న అనుమానం కూడా ఉంటే, ‘తాళం పగిలి ఉంది’ అనండి. మీరు చూసింది అంతే కదా. ఇక ‘ఎన్నిక జరిగింది’, ‘ప్రమాదం జరిగింది’ లాంటి వాటి జోలికి పోకండి. అక్కడ ‘జరిగింది’ అసలు క్రియ.

‘ఇందుమూలంగా తెలియజేసుకోవడమైనది’ కూడా ‘జరిగినది’కి పెద్దన్నే. అర్జీ రాయడమే తెలియజేయడం కాబట్టి మొత్తం తీసేయండి. దానితోపాటు ‘జరిగినదని’లోని ‘అని’ కూడా పోవాలి. ఇది మాత్రం మీరు కళ్ళారా చూసిన విషయమైతేనే. రైతులు చెప్పగా విన్నదైతే ‘గండి పడిందని రైతులు చెప్పారు’ అని ఉంచాలి. ఆ ‘అని’ తీస్తే విన్నమాటకు మీరు సాక్షి అయిపోతారు.

ఇప్పుడు అతుకు మాటలు. ‘ఇదిలా ఉండగా’ పత్రికల వాళ్ళు ఒక వార్త నుంచి ఇంకో వార్తకు దూకడానికి వాడుకునే మాట. మీ అర్జీలో అంతా ఒకే సంగతి, దానికి పని లేదు. ‘నేపథ్యంలో’, ‘కాగా’ అన్నవాటిని తీసేసి చూడండి. రెండు విషయాల మధ్య సంబంధం ఇంకా తెలుస్తుంటే మాట పోయినట్టే. తెలియకపోతే, ఆ సంబంధం ఏమిటో ఇప్పటికైనా చెప్పాలి. ‘వర్షాల నేపథ్యంలో గండి పడింది’ అంటే వర్షాలే కారణమా, లేక వర్షాకాలంలో పడిందనా? ‘వర్షాలకు గండి పడింది’ అంటే ఒక్క ‘కు’తో కారణం స్పష్టంగా వచ్చేస్తుంది. కానీ అది మీరు బాధ్యత పడాల్సిన మాట. కలుజు పూడిపోయి, నీళ్ళు పోయే దారిలేక కట్ట తెగిందని రేపు ఎవరన్నా అంటే మీ వాక్యం అడ్డొస్తుంది. కారణం మీద నమ్మకం లేకపోతే ‘వర్షాలప్పుడు’ అనండి. ‘కాగా’ విషయంలో అనుమానం లేదు. పొలం మునిగింది గండి వల్లే కాబట్టి ‘దాంతో’ పెట్టండి. ‘గండి పడి 60 ఎకరాలు మునిగింది’ అన్నా మంచి తెలుగే. ‘పడి’ లాంటి రూపానికీ చివరి క్రియకూ ఒకే కర్త ఉండాలని వ్యాకరణాలు పట్టుబడతాయి గానీ, వాన పడి పైరు మునగడం మనం రోజూ చూస్తూనే ఉన్నాం, అంటూనే ఉన్నాం.

జంట విశేషణాలకు నేను పెట్టే పరీక్ష ఒకటే. మొదటిది అవును, రెండోది కాదు అనగలమా? ‘ప్రాచీనమే గానీ పురాతనం కాదు’ అనలేం. కాబట్టి ఒకటి పోవాలి. నిజానికి రెండూ పోవచ్చు. మీ ఊళ్ళో కొత్త చెరువు కూడా ఉంటే ఏ చెరువో తెలియడానికి ‘పాత చెరువు’ అనండి, ఒకటే చెరువైతే వయసు చెప్పనక్కరలేదు. ‘ఎడతెరిపి లేకుండా’, ‘భారీ’ సంగతి వేరు. భారీ వర్షం గంటలో కురిసి ఆగిపోవచ్చు, ఎడతెరిపి లేని తుంపర రోజంతా పడవచ్చు. ఒకటి నీళ్ళెన్నో చెబుతుంది, రెండోది ఎలా కురిసిందో చెబుతుంది. కట్ట తెగడానికి రెండూ కారణమైతే రెండూ ఉండాలి.

‘సుమారు 60 ఎకరాల వరకు’ చూడటానికి జంటలా ఉంటుంది గానీ కాదు. ‘సుమారు 60’ అంటే కాస్త అటూ ఇటూ. ‘60 వరకు’ అంటే మాటల్లో సుమారేనేమో, కాగితం మీద మాత్రం పైహద్దు. నష్టపరిహారం లెక్క కట్టేవాడు ‘60 దాటలేదు’ అని చదువుతాడు. 63 ఎకరాలు మునిగి ఉంటే మీ ‘వరకు’ మీకే నష్టం. ఏది మీ ఉద్దేశమో అదొక్కటే ఉంచండి. ‘జరిగినప్పటికీ కూడా’ అన్నచోట ‘అప్పటికీ’ చివరి ‘ఈ’లోనే ‘కూడా’ ఉంది. ‘సైతం’ మాత్రం ఉండాల్సిందే, లేదంటే తేలిక మాట ‘కూడా’ పెట్టండి. అది పోతే ‘అంతమాత్రం పని కూడా’ అన్న ఫిర్యాదు పోతుంది.

‘గ్రామం యొక్క’ను ‘ఊరి’ అంటే చాలు. పనిలో పనిగా ‘మన’ను ‘మా’ చేయండి. అధికారికి రాస్తూ ‘మన గ్రామం’ అంటే ఆయన్నీ మీ ఊరివాణ్ణి చేసినట్టే.

ఇవన్నీ కలిపితే:

“గత నెల ఎడతెరిపి లేకుండా కురిసిన భారీ వర్షాలకు మా ఊరి పాత చెరువుకు తూము దగ్గర గండి పడింది. దాంతో సుమారు 60 ఎకరాల వరి నీట మునిగింది. అధికారులకు తెలియజేశాం. అయినా వాళ్ళు ఇంతవరకు తాత్కాలిక మరమ్మతులు కూడా చేయలేదు.”

‘గత నెల’ బదులు తేదీ వేస్తే ఇంకా మంచిది. ‘తెలియజేశాం’ పక్కన కూడా ఎప్పుడు, ఎవరికి అన్నది చేర్చండి. కొట్టేసిన మాటల చోటు వాటికి సరిపోతుంది.

ఇలా దిద్దడం అలవాటయ్యాక చేయి ఆగదు, కొట్టేయకూడనివీ కొట్టేస్తాం. ‘కట్టకు చిన్న చిన్న బుంగలు పడ్డాయి’లో రెండో ‘చిన్న’ తీస్తే, బుంగలు అక్కడక్కడా చాలా ఉన్నాయన్న భావం తగ్గిపోతుంది. ‘నట్టనడుమ’, ‘మొట్టమొదట’ కూడా నడుమ, మొదట అన్న మాటలు రెండుసార్లు చేరి ఏర్పడినవే. వ్యాకరణంలో వాటికి ద్విరుక్తటకారాదేశ సంధి అని పేరే ఉంది. ‘కట్ట నడుమ’ అంటే మధ్యభాగంలో ఎక్కడైనా కావచ్చు, ‘నట్టనడుమ’ అంటే సరిగ్గా మధ్యలో. గండి ఎక్కడ పడిందో చెప్పేటప్పుడు ఆ తేడా కావాలి.

మీ ‘వచ్చుండారు’ కూడా అలాంటిదే. ‘ఇంజనీరు వచ్చారు’ అంటే వచ్చారు, ఇప్పుడున్నారో వెళ్ళిపోయారో తెలియదు. ‘వచ్చుండారు’ అంటే వచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నారు. రాతలో దాని రూపమే ‘వచ్చి ఉన్నారు’. చెరువు కట్ట మీదికి రమ్మని రైతులకు కబురు పంపేటప్పుడు ఆ ‘ఉన్నారు’ తప్పకుండా ఉండాలి. కానీ ఇంజనీరు వచ్చి, చూసి, వెళ్ళిపోయాక రాసే అర్జీలో ‘వచ్చి ఉన్నారు’ అన్నది పొరపాటు. అక్కడ మీ అల్లుడు రాసిన ‘వచ్చారు’ సరైనది.