చార్ట్‌లో చాన్నాళ్లుగా రాని నంబర్ ఇక రావాల్సిందే అని ఎందుకనిపిస్తుంది?

ప్రశ్న: మా నాన్న రోజూ మట్కా చార్ట్ ముందేసుకుని "ఈ నంబర్ ఏడాదిగా దిగలేదు, ఇప్పుడు దిగాల్సిందే" అంటారు. లెక్కల్లో అది తప్పని నాకు తెలుసు, కానీ ఆ చార్ట్ చూస్తుంటే నాకూ అలాగే అనిపిస్తోంది. ఎందుకిలా? ఆయనకి ఎలా చెప్పాలి?

మాది అనంతపురం వైపు అండి. మా మేనమామ కూడా ఇదే మనిషి, అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నా. ఆయనకి 47 మీద నమ్మకం. మామ చూసే చార్ట్‌లో అది దాదాపు 200 డ్రాల నుంచి లేదు. "చూడు అల్లుడా, అన్ని నంబర్లూ దిగినాయి, ఇదొక్కటే బాకీ" అనేవాడు. ఆ బాకీ అన్న మాటలోనే ఉంది చూడండి మొత్తం విషయం, ఎవరో మనకి అప్పు ఉన్నట్టు, ఈరోజు కాకపోతే రేపైనా కట్టక తప్పదన్నట్టు. యాభై రూపాయలతో మొదలుపెట్టి, రాలేదు కాబట్టి వంద, ఇంకా రాలేదు కాబట్టి రెండొందలు, అలా నాలుగు నెలల్లో ముప్పై ఎనిమిది వేలు పోయినాయి. చేతిలో డబ్బులైపోయి ఆపేసిన ఐదు వారాలకి 47 దిగింది. అప్పుడు మామ అన్నది నేను తప్పు చేశా అని కాదు, "చెప్పలేదా నేను, కొంచెం ముందే ఆపేసినా" అని. నాకు బాగా బాధేసింది అక్కడే. ఏ నంబరైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కదా, కాబట్టి ఈ నమ్మకం ఎప్పటికీ ఓడిపోదు, ఎప్పుడు వచ్చినా "చూశావా" అనొచ్చు.

లెక్క చూద్దాం. మట్కా డ్రాలో ముందు తీసే ఓపెన్ ఒక అంకె, తర్వాత తీసే క్లోజ్ ఒక అంకె, రెండూ కలిపితే 00 నుంచి 99 దాకా వంద జోడీలు. వంద డ్రాలు అయ్యేసరికి వంద నంబర్లూ తలా ఒకసారి వచ్చేస్తాయని మన మనసు అనుకుంటుంది. నిజానికి వంద డ్రాల్లో సగటున 37 నంబర్లు అసలు కనపడవు. మూడొందల డ్రాలు, అంటే వారానికి ఆరు చొప్పున దాదాపు ఏడాది గడిచినా సగటున ఐదు నంబర్లు ఒక్కసారి కూడా రావు. అంటే ఏ ఏడాది చార్ట్ తీసుకున్నా "బాకీ నంబర్లు" నాలుగైదు ఉండటమే మామూలు సంగతి, లేకపోతేనే వింత. మీ నాన్నగారికి కనపడే నంబర్ నిజంగానే ఏడాదిగా రాలేదు, ఆయన చూపు తప్పు కాదు. కానీ రేపు దానికున్న అవకాశం నిన్నటిదే, వందలో ఒకటి. 280 డ్రాల నుంచి రాని నంబరైనా, నిన్ననే వచ్చిన నంబరైనా ఇక్కడ్నుంచి సగటున ఇంకో వంద డ్రాలు ఎదురుచూడాల్సిందే.

ఇలా ఎందుకనిపిస్తుందో ట్వెర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1971లోనే రాశారు. లక్షల డ్రాల్లో అన్నీ సమానమవుతాయన్నది నిజమే, ఆ సమానం చిన్న ముక్కలో కూడా కనపడాలని మన మనసు పట్టుబడుతుంది. లక్షల డ్రాల్లో జరిగేది మాత్రం పాత తేడాని ఎవరో సరిచేయడం కాదు, కొత్త డ్రాలు కుప్పగా వచ్చి పడేసరికి ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నదైపోతుంది అంతే. ఇటలీలో ప్రభుత్వమే నడిపే లోట్టోలో, వెనిస్ డ్రాలో 53 అనే నంబర్ 2003 నుంచి వరసగా 182 డ్రాలు రాలేదు, దేశమంతా దాని వెంట పడి 350 కోట్ల యూరోలకి పైగా పెట్టారని అప్పట్లో వార్తలొచ్చాయి, ఆత్మహత్యలు కూడా జరిగాయి. 2005 ఫిబ్రవరి 9న వచ్చింది. అక్కడ చదువుకున్నవాళ్లూ, ఉద్యోగస్తులూ ఇలాగే అనుకున్నారు, కాబట్టి మీ నాన్నగారికి బుద్ధి లేదని మాత్రం అనొద్దు దయచేసి.

ఇక రెండోది, పాటర్న్‌లు. మట్కా ఆడేవాళ్లకి కట్ నంబర్ తెలుసు, 1కి 6, 2కి 7, 3కి 8, 4కి 9, 5కి 0. ఫ్యామిలీ అంటే 12 అనుకుంటే 12, 17, 62, 67, తిరగేస్తే 21, 71, 26, 76, మొత్తం ఎనిమిది. మామ "ఈ వారం 12 ఫ్యామిలీ" అంటాడు, గురువారం 76 వస్తుంది, ఇంట్లో అందరూ ఆశ్చర్యపోతారు. కానీ ఎనిమిది నంబర్లకి ఆరు రోజులు టైమిస్తే ఊరికే కళ్లు మూసుకుని చెప్పినా 39 శాతం తగులుతుంది. "మూడు రోజుల్లో ఓపెన్‌లోనో క్లోజ్‌లోనో 2 గానీ దాని కట్ 7 గానీ" అన్నారంటే అది 74 శాతం! నాలుగింట మూడుసార్లు నిజమయ్యే జోస్యం ఎవరికైనా చార్ట్ మాట్లాడుతున్నట్టే ఉంటుంది కదా. డబ్బు కట్టేది మాత్రం ఒక్కో జోడీ మీద, మా వైపు రూపాయికి ఎనభై ఇస్తారు, వందలో ఒకసారి వచ్చేదానికి ఎనభై అంటే పెట్టిన ప్రతి వందలో ఇరవై సగటున పోయినట్టే. ఇదంతా డ్రా నిజాయితీగా తీస్తే సంగతి, ఇది చట్టవిరుద్ధం కాబట్టి తీసేదెవరో ఎలా తీస్తారో అడిగే దిక్కు కూడా లేదు.

నేను చేసిన పని చెప్తా. ఎక్సెల్‌లో 300 గడుల్లో ఇది వేశా:

```
=TEXT(RANDBETWEEN(0,99),"00")
```

సోమవారం నుంచి శనివారం దాకా ఆరు కాలమ్‌లు, వారానికో వరస, అచ్చం మట్కా చార్ట్‌లాగా ప్రింట్ తీసి వేరే కంపెనీది అని మామకిచ్చా. ఎర్ర పెన్ను పట్టుకుని గంటసేపు కూర్చున్నాడు, బుధవారం 3 వస్తే తర్వాతి వారం 8 దిగుతోందన్నాడు, రెండు బాకీ నంబర్లు కూడా పట్టుకున్నాడు. అప్పుడు లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందే F9 నొక్కా. అన్ని నంబర్లూ మారిపోయినాయి. మళ్లీ నొక్కా, మళ్లీ మారినాయి. ఆ ఒక్కో చార్ట్‌లోనూ బాకీ నంబర్లు ఉన్నాయి, వేరేవి. మామ చాలాసేపు మాట్లాడలేదు.

వాదనతో అయితే ఆయన వినేవాడు కాదండి, అంతకుముందు రెండేళ్లు వాదించి చూశా. తర్వాత ఇద్దరం ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం, డ్రాకి ముందే ఆయన ఫ్యామిలీ రాయాలి, తర్వాత మార్చకూడదు, డబ్బు కట్టకూడదు. పక్కనే నేను చీటీ తీసి వచ్చిన ఫ్యామిలీ. ఇరవై వారాలకి ఆయనవి ఏడు తగిలాయి, నా చీటీలవి ఎనిమిది. ముందే రాయడం ముఖ్యం, లేకపోతే తగలనివి గుర్తుండవు, 46 వస్తే "ఒక్కటిలో పోయింది" అని అది కూడా సగం గెలుపుగా మిగిలిపోతుంది. మీ నాన్నగారితో కూడా చీటీలు ఆయన చేతే తీయించండి, మీరు తీస్తే ఏదో చేశారనుకుంటారు.

మామ ఇప్పుడు డబ్బు కట్టట్లేదు. చార్ట్ మాత్రం చూస్తాడు, మొన్న కూడా "83 చాన్నాళ్లయింది అల్లుడా" అన్నాడు, నేనూ చూశా, నిజమే, చాన్నాళ్లయింది.