ఒక సెమిస్టరా, పూర్తి డిగ్రీనా? జర్మనీ ఆలోచనలో ఉన్న బీటెక్ చెల్లెలికి

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో ఒక అటానమస్ కాలేజీలో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీకి జర్మనీలో ఒక యూనివర్సిటీతో ఒప్పందం ఉంది, మూడో సంవత్సరంలో ఒక సెమ్ అక్కడ చదవొచ్చట. నాన్నేమో "ఆర్నెల్ల ముచ్చట దేనికి? ఇది ఆపేసి డిగ్రీ మొత్తం అక్కడే చెయ్యి, ఉద్యోగం కూడా అక్కడే వస్తుంది" అంటున్నారు. ఏం చెయ్యమంటారు? (కూకట్‌పల్లి)

జవాబు: చెల్లీ, మీ నాన్నగారు ఒక విషయంలో సరిగ్గానే ఆలోచించారు. ఇలా ఒక సెమ్ వెళ్ళొచ్చే ఎక్స్చేంజ్‌తో జర్మనీలో ఉద్యోగానికి దారి పడదు. చదువు అక్కడ సాగినా డిగ్రీ ఇచ్చేది మీ హైదరాబాద్ కాలేజీయే. జర్మనీలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకు ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు ఇస్తారు, ఎక్స్చేంజ్ విద్యార్థికి అది రాదు. సెమిస్టర్ అయ్యాక తిరిగి రావలసిందే. ఈ సంగతి తెలియక, వెళ్ళాక ఏదో ఒకటి చూసుకోవచ్చులే అనుకుని వచ్చి బాధపడ్డ పిల్లలను నేనుండే ఈ జర్మనీలో చూశాను.

అయితే "ఇది ఆపేసి" అన్నమాటతో మాత్రం నేను ఏకీభవించను. ఇక్కడ బ్యాచిలర్స్ కోర్సులు ఎక్కువగా జర్మన్ భాషలోనే ఉంటాయి. మామూలుగా భాషలో సీ1 అనే పై స్థాయి దాకా అడుగుతారు. సున్నా నుంచి మొదలుపెడితే ఏడాదికి పైగా పడుతుంది. మన ఇంటర్ మార్కులతో నేరుగా సీటు కూడా ఇవ్వరు. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసై ఉండాలి, లేదా ఇండియాలో గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో కనీసం ఏడాది చదివి ఉండాలి. నువ్వు రెండో దారిలో అర్హురాలివి కావచ్చు. కానీ హైదరాబాద్‌లో చదివిన సబ్జెక్టుల్లో ఎన్నింటికి క్రెడిట్ ఇస్తారన్నది ఇక్కడి డిపార్ట్‌మెంట్ ఇష్టం. చాలామంది మళ్ళీ మొదటి సెమిస్టర్‌లోనే కూర్చుంటారు.

డబ్బు లెక్క కూడా చూడు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్ అనే ప్రత్యేక ఖాతాలో నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. యూరో వంద రూపాయలనుకుంటే మూడేళ్ళ డిగ్రీకి జీవన ఖర్చే దాదాపు 36 లక్షలు. ఎక్స్చేంజ్‌కు ఆరు నెలలకు ఆరు లక్షలు, దానిమీద విమానం టికెట్లు. ఒప్పందం ప్రకారం వెళ్ళినవాళ్ళ దగ్గర జర్మనీ యూనివర్సిటీ ట్యూషన్ ఫీజు తీసుకోదు, మీ కాలేజీ ఫీజు మాత్రం ఎప్పటిలాగే కట్టాలి. బీటెక్ అయ్యాక ఇక్కడ మాస్టర్స్ చేస్తే ఇంగ్లిష్‌లో నడిచే కోర్సులు బోలెడు ఉన్నాయి, రెండేళ్ళలో పూర్తవుతుంది, ఆ 18 నెలల గడువు దానికీ వస్తుంది. నువ్వు ఇప్పుడున్న చోటు నుంచి చూస్తే బీటెక్ పూర్తి చెయ్యి, మధ్యలో ఎక్స్చేంజ్ చెయ్యి, తర్వాత మాస్టర్స్‌కు రా. ఇంకా ఇంటర్‌లోనే ఉండి, జర్మన్ నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్న పిల్ల అడిగివుంటే వేరేగా చెప్పేదాన్ని.

ఇక ఎక్స్చేంజ్‌లో దెబ్బతినేది ఎక్కడో చెప్తాను. మా అన్నయ్య కూతురు హైదరాబాద్‌లోనే చదువుతూ అయిదో సెమ్‌కు ఇక్కడికి వచ్చింది, అప్పుడు దగ్గరుండి చూశాను.

మొదటి తంటా క్యాలెండర్‌తో. మన సెమ్ జూలై, ఆగస్టుల్లో మొదలై డిసెంబర్‌కు అయిపోతుంది. జర్మనీ శీతాకాలపు సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు. క్లాసులు ఫిబ్రవరి మధ్యలో ఆగిపోతాయి, తర్వాత పరీక్షలు, కొన్ని సబ్జెక్టులకు మార్చిలో కూడా ఉంటాయి. ఈలోగా హైదరాబాద్‌లో ఆరో సెమ్ జనవరిలోనే మొదలైపోతుంది. 75 శాతం హాజరు లేకపోతే కండొనేషన్, అదీ దాటితే డిటెన్షన్. మా పిల్ల ఏం చేసిందంటే, సబ్జెక్టులు ఎంచుకునే ముందే ఒక్కో ప్రొఫెసర్‌కు మెయిల్ రాసి పరీక్ష ఏ వారంలో అని అడిగింది. మార్చి పరీక్షలున్న రెండు సబ్జెక్టులు వదిలేసి, ఫిబ్రవరిలో ముగిసేవి తీసుకుంది. ఆరో సెమ్ మొదటి వారాల హాజరుకు మినహాయింపు ఇస్తున్నట్టు వెళ్ళకముందే ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం తీసుకుంది. ఆ ఉత్తరం లేకపోతే తిరిగొచ్చాక హెచ్‌ఓడీ గది ముందు నిలబడవలసి వచ్చేది. ప్లేస్‌మెంట్స్ ఏడో సెమ్‌లో మొదలవుతాయి కాబట్టి ఆ సెమ్‌లో మాత్రం ఎక్కడికీ వెళ్ళొద్దు.

రెండోది క్రెడిట్లు. జర్మనీలో సెమిస్టర్‌కు యూరప్ లెక్కలో 30 ఈసీటీఎస్ క్రెడిట్లు, మన దగ్గర బీటెక్ మొత్తానికి 160, అంటే సెమ్‌కు సుమారు 20. ఒకటిన్నర రెట్లు అన్న లెక్క తేలికే. సబ్జెక్టు సబ్జెక్టుకు సరిపోవడమే కష్టం. మా పిల్ల ఆరేసి క్రెడిట్ల సబ్జెక్టులు అయిదు తీసుకుంది. థియరీ నాలుగు సరిపోయాయి. అయిదోదాని సిలబస్ మన సబ్జెక్టుకు సగమే కలిసిందని కాలేజీ కమిటీ ఒప్పుకోలేదు. ఇక్కడ ల్యాబ్‌లు చాలావరకు విడిగా ఉండవు, హైదరాబాద్ మెమోలో ఉంటాయి. చివరికి ఆ సబ్జెక్టు, రెండు ల్యాబ్‌లు వేసవిలో హైదరాబాద్‌లో రాసి గట్టెక్కింది, ఇంకో వారం ఆలస్యమైతే బ్యాక్‌లాగ్ పడేది. అందుకే వెళ్ళేముందు రెండు వైపులా సంతకం చేసే లెర్నింగ్ అగ్రిమెంట్‌లో ప్రతి వరుసకూ ఎదురుగా మీ కాలేజీ సబ్జెక్టు కోడ్ రాయించు, ల్యాబ్‌ల సంగతి కూడా అందులోనే రాయించు. ఇక్కడికొచ్చాక ఏదైనా సబ్జెక్టు మారిస్తే, మారిన కాగితం మీద కూడా రెండు వైపులా సంతకాలు ఉండాలి. నోటి మాట చెల్లదు. మీది అటానమస్ కాబట్టి ఈ నిర్ణయాలు మీ కాలేజీ తీసుకోగలదు. మామూలు అనుబంధ కాలేజీ అయితే యూనివర్సిటీ దాకా వెళ్ళాలి.

మార్కుల దగ్గర ఇంకొక చిక్కుంది. జర్మనీలో 1.0 అన్నిటికంటే పై గ్రేడు, 4.0 వరకు పాస్, 5.0 ఫెయిల్. మా పిల్లకు ఒక సబ్జెక్టులో 1.7 వచ్చింది, అంటే చాలా మంచి మార్కు. ఎగ్జామ్ బ్రాంచ్‌లో దాన్ని చూసినాయన తక్కువ మార్కు అనుకుని పక్కన పెట్టాడు. మార్పిడి పట్టిక ముందే ఒప్పుకుని ఉండడంతో అది చూపించి సరిచేయించుకుంది. వెళ్ళే ముందే అడుగు: వీటిని పది పాయింట్లలోకి మారుస్తారా, లేక పాస్ అని మాత్రం వేస్తారా? పాస్ అని వేస్తే సీజీపీఏలో ఆ సెమ్ కలవదు. తక్కువ మార్కులు వచ్చినా నష్టం లేదు, ఎక్కువ వచ్చినా లాభం లేదు.

ఇంకొక్కటి. జర్మనీలో క్లాసుకు వెళ్ళినంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. ప్రతి పరీక్షకు పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, దానికి గడువు ఉంటుంది. సెమిస్టర్ అంతా క్లాసులకు వెళ్ళి ఈ గడువు దాటించుకున్న మన పిల్లాడిని ఒకడిని చూశాను, ఆ సబ్జెక్టు మొత్తం పోయింది. ఫలితాలు రావడానికీ వారాలు పడుతుంది. మాస్టర్స్ అప్లికేషన్‌కు ఆ ట్రాన్స్‌క్రిప్ట్ కావాలి కాబట్టి, తిరిగి విమానం ఎక్కే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్ళి అది ఏ నెలలో పంపుతారో, మీ కాలేజీకి పంపుతారో నీకు పంపుతారో కనుక్కో.

నాన్నగారికి ఈ జవాబు చదివి వినిపించు. రేపు కాలేజీకి వెళ్ళినప్పుడు ముందు మీ అకడమిక్ సెక్షన్‌లో, ఈ ఒప్పందం మీద ఇంతకుముందు వెళ్ళొచ్చిన సీనియర్ ఎవరైనా ఉన్నారేమో అడుగు. ఉంటే వాళ్ళ అయిదో సెమ్ మెమో ఒకసారి చూపించమను. అందులో ఎన్ని సబ్జెక్టులు నేరుగా ఎక్కాయో, ఎన్ని తర్వాత రాయవలసి వచ్చిందో లెక్కపెట్టుకో.