రెండు సైట్లలో రెండు చిరునామాలు: ఏది నమ్మాలి?

"బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మా అబ్బాయికి ఆఫర్ లెటర్ వచ్చింది. కంపెనీల వివరాలు ఉచితంగా చూపే ఒక సైట్‌లో దాని రిజిస్టర్డ్ ఆఫీసు చెన్నై అని, మరో సైట్‌లో బెంగళూరు అని ఉంది. డైరెక్టర్ల పేర్లూ కలవడం లేదు. ఏది నమ్మాలి?" – ఒక పాఠకురాలు, మారతహళ్లి

ముందుగా రెండు సైట్లలోనూ ఉన్న సిన్ నంబరును పక్కపక్కన పెట్టి చూడండి. ఇది నమోదైన ప్రతి కంపెనీకి ఇచ్చే 21 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య. ఒకదానిలో `U72200TN2014PTC` అని, మరొకదానిలో `U72200KA2014PTC` అని మొదలైతే, 2014లో తమిళనాడులో నమోదైన కంపెనీ తరువాత కర్ణాటకకు మారి ఉండవచ్చు. రాష్ట్రం మారితే సిన్ కూడా మారుతుంది. ఉచిత సైట్లు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ రికార్డులను ఎప్పుడో ఒకసారి సేకరించి పెట్టుకుంటాయి కాబట్టి, పాత సిన్‌తో తయారైన పేజీ తొలగకుండా అలాగే మిగిలిపోతుంది. ఆ పేజీలోని డైరెక్టర్లు కూడా ఆనాటి వారే. ఒకే పేరున్న ఇద్దరు వ్యక్తులను ఒకరిగా కలిపేయడం ఈ సైట్లలో తరచూ కనిపించే మరో పొరపాటు. డైరెక్టరుకు ఉండే 8 అంకెల డిన్ నంబరు చూస్తేనే అది తేలుతుంది.

అసలు రికార్డు `mca.gov.in`లో ఉంటుంది. అందులో ఉచితంగా ఖాతా తెరిచి, `Master Data` విభాగంలో ఆఫర్ లెటర్‌పై ఉన్న సిన్‌తో వెతకండి. కంపెనీల చట్టం ప్రకారం లెటర్‌హెడ్‌పై సిన్, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ముద్రించాలి కనుక, అవి లేని లేఖను అక్కడే అనుమానించాలి. రికార్డులో కంపెనీ స్థితి `Active` అని ఉన్నంత మాత్రాన తృప్తి పడకండి. చివరి వార్షిక సమావేశం, చివరి బ్యాలెన్స్ షీట్ తేదీలు చూడండి. అవి మూడు నాలుగేళ్ల కిందటివైతే కంపెనీ లెక్కలు సమర్పించడం మానేసిందని అర్థం. `Strike Off` అని ఉంటే రిజిస్టరు నుంచి దాని పేరు తొలగించారు.

అధికారిక రికార్డుకూ ఒక పరిమితి ఉంది. డైరెక్టరు మారితే తెలియజేయడానికి కంపెనీకి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి, నిన్నటి మార్పు ఈరోజు అక్కడ కనిపించకపోవచ్చు. పైగా కంపెనీ స్వయంగా ఇచ్చిన సమాచారమే అందులో ఉంటుంది.

మోసగాళ్లు నిజమైన కంపెనీ సిన్‌నే నకలు కొట్టి లేఖపై వేస్తారు కనుక, రికార్డు సరిపోయినా లేఖ అసలుదని తేలదు. లేఖలోని ఫోన్ నంబరుకు కాకుండా, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఆఫర్ ఇచ్చింది వారేనా అని అడగండి. కంపెనీ జీఎస్టీ నంబరు దొరికితే `gst.gov.in`లోని `Search Taxpayer`లో వేసి చూడండి. కర్ణాటక నమోదు అయితే అది 29తో మొదలవుతుంది, వ్యాపారం జరిగే చిరునామా కూడా అక్కడ కనిపిస్తుంది.