టెక్ సందేహాలు: t సున్నా అయితే పరిమితుల కుడివైపు చూడండి

ప్రశ్న: రెండు వస్తువులు తయారు చేస్తాం. లాభం 5x1 + 3x2, ఖర్చు 4x1 + 2x2 + 20. మొదటి యంత్రంపై x1 + x2 ≤ 40 గంటలు, రెండో దానిపై 2x1 + x2 ≤ 60 గంటలు. లాభాన్ని ఖర్చుతో భాగిస్తే వచ్చే విలువ గరిష్ఠం కావాలి. నిష్పత్తిని నేరుగా ఇస్తే లీనియర్ సాల్వర్ ఒప్పుకోలేదు. y = t·x అని మార్చి ఇస్తే 1.5 అంది, కానీ t సున్నా వచ్చింది. x కోసం భాగిస్తే లోపం చూపిస్తోంది. సాల్వర్‌లో తప్పుందా?

జవాబు: సాల్వర్‌లో తప్పు లేదు. చలరాశులను మార్చిన తరువాత కూడా మీరు పరిమితుల కుడివైపున 40, 60 అంకెలను అలాగే ఉంచేశారు. మీరు చెప్పిన 1.5, సున్నా అయిన t, రెండూ సరిగ్గా ఆ పొరపాటు నుంచే వస్తాయి. ఇదే తప్పుతో ఇంతకు ముందూ కొన్ని ఉత్తరాలు అందాయి కనుక ఈసారి కారణంతో సహా వివరిస్తాను.

y = t·x అనే ఈ మార్పిడిని 1962లో అబ్రహం చార్న్స్, విలియం కూపర్ ప్రచురించారు. లవాన్నీ హారాన్నీ ఒకే ధన సంఖ్యతో గుణిస్తే నిష్పత్తి మారదు కదా. అందువల్ల హారం విలువ కచ్చితంగా 1 అయ్యేలా ఆ గుణకాన్ని ఎంచుకుంటే, మిగిలేది లవం ఒక్కటే, అది సరళ రూపంలోనే ఉంటుంది. ఆ గుణకమే t, అంటే మొత్తం ఖర్చుకు విలోమం. అయితే గుణించడం అంటూ మొదలుపెట్టాక నమూనాలోని ప్రతి స్థిర సంఖ్యనూ గుణించి తీరాలి. x1 + x2 ≤ 40 అనే పరిమితిని t తో గుణిస్తే y1 + y2 ≤ 40t అవుతుంది. 40 ఒంటరిగా మిగలదు. ఖర్చులోని 20 కూడా 20t అవుతుంది. లాభంలో అద్దె వంటి స్థిర మొత్తాన్ని తీసివేసే నమూనా అయితే, దానినీ t తో గుణించే లక్ష్యంలో రాయాలి. మీ నమూనా ఇలా ఉండాలి:

```
Maximize
 obj: 5 y1 + 3 y2
Subject To
 c1: y1 + y2 - 40 t <= 0
 c2: 2 y1 + y2 - 60 t <= 0
 norm: 4 y1 + 2 y2 + 20 t = 1
End
```

దీనికి జవాబు y1 = 0, y2 = 0.4, t = 0.01, లక్ష్యం విలువ 1.2. y లను t తో భాగిస్తే x1 = 0, x2 = 40 వస్తాయి. లాభం 120, ఖర్చు 100, నిష్పత్తి 1.2, సాల్వర్ ఇచ్చిన విలువతో సరిపోయింది. కేవలం లాభమే గరిష్ఠం కావాలనుకుంటే రెండు వస్తువులూ ఇరవై చొప్పున చేయవలసి వచ్చేది. అప్పుడు లాభం 160, ఖర్చు 140, నిష్పత్తి సుమారు 1.14 మాత్రమే.

ఇక మీకు వచ్చిన 1.5 ఎక్కడిదో చూడండి. కుడివైపు 40, 60 అలాగే ఉంటే, 1 కంటే చిన్నవైన y లకు ఆ పరిమితులు ఏమాత్రం అడ్డు రావు. సాల్వర్ t ని సున్నా చేసి స్థిర ఖర్చును మాయం చేసి, y2 ని 0.5 కు పెంచుతుంది. యంత్రాల గంటలకు అసలు హద్దే లేకపోతే, రెండో వస్తువును పెంచుతూ పోయే కొద్దీ 3x2 / (2x2 + 20) అనే నిష్పత్తి 1.5 కు ఎంత దగ్గరగానైనా వెళుతుంది గాని దానిని అందుకోదు. ఆ అందని విలువనే మీ తెర చూపించింది. ఉత్పత్తికి నిజంగా పై హద్దులు ఉన్న నమూనాలో t సున్నా కావడం అసాధ్యం. అయిందంటే ఏదో ఒక పరిమితి t తో గుణింపబడలేదని అర్థం. హద్దులే లేని నమూనాలో మాత్రం t సున్నా నిజమైన జవాబే కావచ్చు. దాని భావం గరిష్ఠానికి చేరువ కాగలమే గాని చేరలేమని.

ఈ తప్పు ఇంతగా పునరావృతం కావడానికి స్ప్రెడ్‌షీట్ సాల్వర్ల పరిమితుల పెట్టె కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎడమవైపు ఒక గడి, మధ్యలో గుర్తు, కుడివైపు ఖాళీ చోటు. ఆ ఖాళీ చోటు స్థిర సంఖ్య కోసమే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే t ఉన్న పదాలన్నీ ఎడమకు తెచ్చి, కుడివైపు ఎప్పుడూ సున్నా ఉంచమని నా సలహా. అప్పుడు norm మినహా ఎక్కడైనా సున్నా కాని సంఖ్య కుడివైపు కనిపిస్తే, తప్పు కంటికి వెంటనే దొరుకుతుంది.

నన్ను దీనికంటే ఎక్కువగా కలవరపెట్టే ప్రమాదం మరొకటి ఉంది, ఎందుకంటే అక్కడ ఏ లోపమూ కనిపించదు. మీ మొత్తం ఖర్చు వంద కాక కోటి అనుకోండి. అప్పుడు t విలువ 0.0000001 అవుతుంది. చాలా సాల్వర్లు పరిమితిని మిలియన్‌లో ఒక వంతు, అంటే 0.000001 మేర దాటినా పాటించినట్టే లెక్కిస్తాయి. ఆ చిన్న సడలింపును ఇంత చిన్న t తో భాగిస్తే x లలో అది పది గంటలు అవుతుంది. అంటే నలభై గంటల యంత్రంపై యాభై గంటల పని వేసిన ప్రణాళికను కూడా సాల్వర్ సరైనదిగానే ప్రకటించగలదు. ఈ సడలింపును సెట్టింగుల లోతుల్లో దాచి, ఫలితం పక్కన ఒక్క మాటైనా చెప్పని సాఫ్ట్‌వేర్ రూపకల్పనను నేను నిర్లక్ష్యమనే అంటాను. దీనికి విరుగుడు తేలికైనదే. norm లో కుడివైపు 1 బదులు మొత్తం ఖర్చు స్థాయిలో ఉన్న సంఖ్యను, ఈ ఉదాహరణలో కోటిని, పెట్టండి. t విలువ 1 దరిదాపుల్లోకి వస్తుంది, లక్ష్యం విలువను చివర్లో కోటితో భాగించుకుంటే నిష్పత్తి వస్తుంది, x లను మాత్రం ఎప్పటిలాగే y / t తో పొందవచ్చు. ఏ సంఖ్య పెట్టినా, వచ్చిన x లను అసలు పరిమితుల్లో వేసి చూసిన తరువాతే ప్రణాళికను అమలుకు పంపండి.

హారం అన్ని ప్రణాళికలకూ ధనాత్మకంగా ఉండాలన్న నియమం మీ విషయంలో స్థిర ఖర్చు 20 వల్ల నెరవేరుతోంది. ఆ 20 లేకపోతే, ఏమీ చేయని ప్రణాళిక దగ్గర సున్నాను సున్నాతో భాగించవలసి వస్తుంది. అలాగే ఈ పద్ధతి ఒకే ఒక్క నిష్పత్తికి పనిచేస్తుంది. వస్తువుకొక నిష్పత్తి తీసి వాటిని కూడితే వచ్చే లక్ష్యానికి ఇది వర్తించదు.

వస్తువులు పూర్ణాంకాలుగానే కావాలంటే y లను పూర్ణాంకాలని ప్రకటించకండి. పై జవాబులో y2 విలువ 0.4 కాగా, x2 విలువ 40 అని గమనించండి. అప్పుడు 1967లో డింకెల్‌బాక్ చూపిన మార్గం మేలు. ఏదైనా ఒక ప్రణాళిక నిష్పత్తిని q అనుకుని, లాభం నుంచి q రెట్ల ఖర్చును తీసివేసిన విలువను x లపైనే గరిష్ఠం చేయాలి. వచ్చిన కొత్త ప్రణాళిక నిష్పత్తితో మళ్లీ అదే చేయాలి. మీ అంకెలతో ఇరవై, ఇరవై ప్రణాళిక దగ్గర మొదలుపెడితే q = 160/140, ఆ గరిష్ఠం సుమారు 5.7, కొత్త ప్రణాళిక x1 = 0, x2 = 40. రెండో విడతలో q = 1.2, గరిష్ఠం సున్నా, కనుక అక్కడితో ఆగిపోవచ్చు.