డెలివరీ రూట్లు, ఆర్డర్ స్టేటస్: మా మామిడిపళ్ళ అనుభవం

ప్రశ్న: "మాది చిన్న ఆన్‌లైన్ షాపు, హైదరాబాద్‌లోనే సొంత కుర్రాళ్ళతో డెలివరీ, రోజుకి 70 ఆర్డర్లు. వాటిని రూట్లుగా కలపడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? డెలివరీ అయ్యాక ఒక్కో ఆర్డర్‌లో స్టేటస్ దానంతటదే మారాలంటే ఏం చేయాలి?"

రూటింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ముందే చెప్పేస్తాను, 70 ఆర్డర్లకి అది అక్కర్లేదు. నన్నడిగితే రోజుకి 300 స్టాపులు దాటేదాకా దాని మీద రూపాయి పెట్టకండి, ఆ ఏరియాలో పదేళ్ళు బండి నడిపిన మనిషి పావుగంటలో చేసే పని అది. మీ డబ్బు, మీ బుర్ర రెండూ పెట్టాల్సింది ప్రశ్నలోని రెండో సగం మీద. మాకు చేదు అనుభవం అక్కడే ఎదురైంది.

మా తోడల్లుడు ప్రతి వేసవిలో నూజివీడు నుంచి బంగినపల్లి కాయలు తెప్పించి పెట్టెల్లో ఇళ్ళకి పంపుతాడు. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ గోడౌన్, రెండు ట్రాలీ ఆటోలు, రెండు బైకులు. ఆర్డర్లు, మెసేజ్‌లు చూసుకునే ప్రోగ్రాం రాసింది నేనే. మొదట్లో రూట్లు పిన్‌కోడ్‌ని బట్టి కట్టాం, అందరూ అలాగే మొదలుపెడతారు. కానీ పిన్‌కోడ్ అనేది పోస్టాఫీసు సౌకర్యం కోసం గీసిన గీత, రోడ్లకి దానితో సంబంధం లేదు. 500090 అనే ఒక్క పిన్‌కోడ్‌లోనే నిజాంపేట ఉంది, బాచుపల్లి ఉంది, ప్రగతినగర్ ఉంది. ఇంకోవైపు కొండాపూర్, మియాపూర్ మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి, మధ్యలో రైలు పట్టాలు ఉన్నాయి, దాటాలంటే హఫీజ్‌పేట బ్రిడ్జి ఎక్కాలి, లేకపోతే చుట్టూ తిరిగి హైటెక్ సిటీ రైల్వే అండర్‌పాస్ కిందికి రావాలి. అందుకే పట్టాలకి అటు రూట్లు వేరు, ఇటు రూట్లు వేరు అని విడదీశాం. ఒక్క రూటూ పట్టాలు దాటకూడదు. ఆ ఒక్క నియమంతోనే సాయంత్రం ఆలస్యాలు సగం పోయాయి.

రెండోది, కిలోమీటర్లు లెక్కపెట్టకండి, స్టాపులు లెక్కపెట్టండి. ఇల్లు దొరికాక గేటు దగ్గర ఎంట్రీ రాయడం, సెక్యూరిటీ వాళ్ళు పైకి ఫోన్ చేయడం, సర్వీస్ లిఫ్ట్ కోసం నిలబడటం, వీటికి మాకు ఆరేడు నిమిషాలు పట్టేది. రెండు స్టాపుల మధ్య ప్రయాణానికి అంత పట్టేది కాదు. ఒకే గేటు లోపల మూడు ఆర్డర్లుంటే అది ఒక్క స్టాపు. ఒక ట్రాలీకి 22 స్టాపులు దాటితే ఆఖరివి చీకటి పడ్డాకే వెళ్ళేవి. అపార్ట్‌మెంట్ పేరు రాయకుండా "రామాలయం వెనక సందు" అని అడ్రస్ ఇచ్చేవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా అంతే, హైదరాబాద్‌లో రామాలయాలు ఎన్ని ఉన్నాయండీ! అలాంటి ఆర్డర్‌ని లొకేషన్ తీసుకోకుండా రూటులో వేయకండి, అది వెనకున్న పది మందిని ఆలస్యం చేస్తుంది.

ఇక అసలు సంగతి. 2024 మే 11, శనివారం. సోమవారం పోలింగ్, ఓటు వేయడానికి ఆంధ్రా వాళ్ళంతా విజయవాడ హైవే మీద ఉన్నారు. మాకేమో సీజన్ మంచి ఊపులో ఉంది. మూడో రూటు, అంటే మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి వైపు, 24 ఆర్డర్లు, ఆర్డరుకి ఒక పెట్టె. పొద్దున ఆర్డర్ పెట్టిన వాళ్ళలో కొందరు మధ్యాహ్నానికల్లా మనసు మార్చుకుని ఊరికి బయల్దేరిపోయారు, మాకు చెప్పలేదు. మా కుర్రాడు 17 పెట్టెలు ఇచ్చాడు. ఐదు ఇళ్ళకి తాళాలు. ఇంకా రెండు ఇళ్ళు మిగిలుండగా ఫోన్ చార్జింగ్ ఆఖరికొచ్చింది. చీకటి పడింది, అడ్రసులన్నీ ఆ ఫోన్‌లోనే. అతను "రూటు పూర్తయింది" అనే బటన్ నొక్కి, ఏడు పెట్టెలు ఆటోలోనే ఉంచి ఇంటికి వెళ్ళిపోయాడు. అతని తప్పు లేదు, రూటు ముగించడానికి నేనిచ్చింది ఆ ఒక్క బటనే.

తప్పు నేను రాసిన ప్రోగ్రాంలో ఉంది. ఆర్డర్ల టేబుల్‌లోనే రూటు నంబర్ ఒక కాలమ్‌గా పెట్టాను, స్టేటస్ ఇంకో కాలమ్. రూటు ముగియగానే ఆ నంబర్ ఉన్న ఆర్డర్లన్నీ Delivered అయిపోయేలా ఒక్క లైన్ రాశాను. 24 మందికీ "మీ మామిడిపళ్ళు అందాయి" అని మెసేజ్ వెళ్ళింది.

రాత్రి ఎనిమిదింటికి మొదటి ఫోన్. ఒకాయన టోల్‌గేట్ దగ్గర క్యూలో ఉండి చేశాడు, "మేం ఇంట్లో లేము కదండీ, ఎవరికిచ్చారు?" అని. నా ముందున్న స్క్రీన్ మీద Delivered అని ఉంది, నేను దాన్నే నమ్మాను. "వాచ్‌మన్‌కి ఇచ్చి ఉంటారు సార్, ఒకసారి అడగండి" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. నిజాంపేటలో ఒక పెద్దావిడ కూడా ఫోన్ చేసింది. ఆవిడ ఇంట్లోనే ఉంది, కూతురి అత్తగారింటికి పంపాలని తెప్పించుకుంది. "బాబూ, మెసేజ్ వచ్చింది గానీ పెట్టె రాలేదు" అంటే ఆవిడకీ అదే చెప్పాను. వాళ్ళ అపార్ట్‌మెంట్ సెక్రటరీ వాచ్‌మన్‌ని పిలిచి, అందరి ముందు గది తెరిపించి చూశాడట. ఆ మనిషి ఆ పెట్టెని చూడనే లేదు. నాకు ఆ సంగతి మర్నాడు పెట్టె తీసుకెళ్ళినప్పుడు తెలిసింది. ఆయన దగ్గరికి వెళ్ళి తప్పు మాదేనని సెక్రటరీ ఎదుటే చెప్పి వచ్చాను. మే నెల ఎండకి కాలిన ఆటోలో రాత్రంతా మూసి ఉన్న ఏడు పెట్టెల్లో రెండు మెత్తబడ్డాయి, అవి మా తోడల్లుడి నష్టం, దాని గురించి నేను పెద్దగా బాధపడలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆదివారం పొద్దున కుర్రాడు ఫోన్ చార్జింగ్ పెట్టి ఆన్ చేయగానే, ముందు రోజు పళ్ళు అందుకున్న ముగ్గురికి "మీ ఆర్డర్ బయల్దేరింది" అని మెసేజ్ వెళ్ళింది. శనివారం పొద్దున సెల్లార్‌లో లోడింగ్ స్కాన్ చేసేటప్పుడు సిగ్నల్ లేదు, ఆ మూడు స్కాన్‌లు ఫోన్‌లోనే ఉండిపోయాయి. యాప్ మళ్ళీ తెరిచినప్పుడే వాటిని పంపేలా రాశాను. సర్వర్ ఏది ఆఖరున వస్తే దాన్నే నిజమనుకుని Delivered మీద OUT_FOR_DELIVERY రాసేసింది.

సోమవారం ఓటేసి వచ్చి కూర్చుని మార్చాను. ఆర్డర్ వేరు, పెట్టె వేరు, స్టాపు వేరు. స్టేటస్ అనేది పెట్టెకి సంబంధించినది. రూటు ఆ పెట్టెని ఒక రోజు మోసే బండి, అంతే. ఆర్డర్ టేబుల్ నుంచి రూటు నంబర్ తీసేశాను. లేకపోతే తాళం వేసిన ఇంటి పెట్టెని మర్నాడు ఇంకో రూటులో వేస్తే, ఆ కాలమ్‌లో కొత్త నంబర్ పడి నిన్నటి ప్రయత్నం జరిగిన గుర్తే మాయమవుతుంది. ఇప్పుడు ప్రతి ప్రయత్నానికీ ఒక కొత్త స్టాపు వరస. పెట్టెకి ఏం జరిగినా పాత వరసని దిద్దకుండా కొత్త వరస చేర్చడమే, PostgreSQL లో ఇలా:

```sql
INSERT INTO parcel_events
  (event_id, parcel_id, stop_id, status, event_time, received_at)
VALUES
  ('ph2-0417', 'P1042', 'S311', 'DELIVERED', '2024-05-18 18:42', now())
ON CONFLICT (event_id) DO NOTHING;
```

ఇందులో event_time అంటే కుర్రాడు బటన్ నొక్కిన సమయం, received_at అంటే సర్వర్‌కి చేరిన సమయం. ఆర్డర్‌లో కనిపించాల్సిన స్టేటస్‌ని మొదటిదాన్ని బట్టి తేల్చాలి, రెండోది తగాదా వచ్చినప్పుడు చూసుకోవడానికి. event_id ని ఫోన్‌లోనే పుట్టించాలి, టేబుల్‌లో ఆ కాలమ్‌ని UNIQUE గా పెట్టాలి, అప్పుడు నెట్ సరిగ్గా లేక ఒకే సమాచారం మూడుసార్లు వచ్చినా ఒక్కసారే నమోదవుతుంది. Delivered అయిన పెట్టె దానంతటది వెనక్కి వెళ్ళదు, పొరపాటున నొక్కి ఉంటే గోడౌన్‌లో మనిషి CORRECTION అని ఇంకో వరస రాయాలి. ఫోన్ గడియారం ఆటోమేటిక్‌లో ఉండాలి, మా వాళ్ళలో ఒకతని ఫోన్ ఇరవై నిమిషాలు ముందుండేది, దానివల్ల ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అన్నది తారుమారైంది కూడా. ఒక ఆర్డర్‌లో రెండు పెట్టెలుండి ఒకటే చేరితే ఆర్డర్ ఇంకా తెరిచే ఉంటుంది.

రూటు ముగించే బటన్ అలాగే ఉంది గానీ ఇప్పుడది ఏ ఆర్డర్‌నీ ముట్టుకోదు. పైగా ప్రతి పెట్టెకీ ఇచ్చాను, ఇవ్వలేదు, అసలు వెళ్ళలేదు అనే మూడింటిలో ఒకటి నొక్కితేనే అది పనిచేస్తుంది. ఆ తర్వాత ఆటో గోడౌన్‌కి వచ్చి మిగిలిన పెట్టెలు దించాలి, లెక్క కుదరాలి. ఎక్కించినవి 24, ఇచ్చినవి 17, తిరిగొచ్చినవి 7. తిరిగొచ్చినవి 6 ఉంటే ఆ ఒక్క పెట్టె ఎక్కడుందో ఆ రాత్రే వెతకాలి, మర్నాడు ఎవరికీ గుర్తుండదు. ఏ యాప్ ఏం చెప్పినా నేను నమ్మేది చేత్తో లెక్కపెట్టిన ఈ మూడు అంకెలనే.

ఇంకొకటి, Delivered అన్న పక్కనే ఎవరు తీసుకున్నారో రాయించండి. ఇంట్లో వాళ్ళా, పక్కింటివాళ్ళా, సెక్యూరిటీ గదిలో పెట్టారా. మా మెసేజ్ ఇప్పుడు "మీ పెట్టెని 6:42కి సెక్యూరిటీ దగ్గర ఉంచాం" అని వెళ్తుంది. ఆ వివరం లేకపోతే మెసేజ్ పంపొద్దు, కస్టమర్ మనకి ఫోన్ చేసి అడిగితే అడిగారు, తెలియదని చెప్పి కనుక్కోవచ్చు.

మీ 70 ఆర్డర్లు ఇంకా గూగుల్ షీట్‌లోనే ఉంటే ప్రోగ్రాం రాసేదాకా ఆగకండి. ఆర్డర్ల షీట్ అలాగే ఉంచి పక్కన రెండో షీట్ తెరవండి, అందులో పెట్టె నంబర్, తేదీ, రూటు, ఏం జరిగింది, ఎన్నింటికి, ఎవరు తీసుకున్నారు అనే కాలమ్‌లు. కుర్రాళ్ళు వాట్సాప్‌లో పంపింది ఒకరు కూర్చుని అందులో కింద కింద చేరుస్తూ పోవాలి, పైవి చెరపకూడదు. ఆర్డర్ల షీట్‌లో స్టేటస్ కాలమ్‌ని చేత్తో నింపకుండా, ఆ పెట్టెకి రెండో షీట్‌లో ఉన్న వరసల్లో సమయం ప్రకారం ఆఖరిదాన్ని ఫార్ములాతో తెచ్చుకోండి. ఒక్క వారం ఇలా నడిపితే మీ కుర్రాళ్ళకి ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపుకి ఎంతసేపు పడుతోందో అందులోనే కనిపిస్తుంది, రూట్లు ఎలా కట్టాలో దాన్ని చూసి మార్చుకోండి.